నాలుగు లంకెలూ నమ్మదగినవే, గొలుసు మాత్రం కాదు

1982 జూన్ 11వ తేదీ రాత్రి గడిచి 12వ తేదీ తెల్లవారేసరికి పుణెలోని ఒక ఇంట్లో ఒక యువతి మరణించి ఉంది. ఆమెకు పెళ్లై అప్పటికి నాలుగు నెలలు. మరణానికి కారణం పొటాషియం సైనైడ్ అనే విషమని తేలింది. ఆ విషాన్ని ఆమెకు ఎవరైనా ఇస్తుండగా చూసినవారు లేరు. భర్తే ఇచ్చాడని ప్రాసిక్యూషన్ వాదించింది. సెషన్స్ కోర్టు అతనికి మరణశిక్ష విధించింది. బొంబాయి హైకోర్టు ఆ శిక్షను ఖరారు చేసింది. 1984 జూలై 17న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం అతనిని నిర్దోషిగా విడుదల చేసింది.

శరద్ బిర్ధీచంద్ శారదా వర్సెస్ మహారాష్ట్ర రాజ్యం అనే పేరుతో ఆ తీర్పు ప్రసిద్ధి పొందింది. ప్రత్యక్ష సాక్షి లేని హత్య కేసు విచారణకు వచ్చినప్పుడు దేశంలోని న్యాయస్థానాలు నేటికీ ఆ తీర్పును ఉదహరిస్తుంటాయి. చట్టం తెలిసినవారికి అది పరిస్థితుల సాక్ష్యాన్ని గురించిన తీర్పు. దాని వెనుక ఒక సాధారణ గణిత సత్యం కూడా ఉంది. ఒక నిర్ణయానికి చేరడానికి అనేక మెట్లు ఎక్కవలసి ఉండి, ప్రతి మెట్టులోనూ కొంత అనుమానం ఉంటే, మొత్తం నిర్ణయంపై ఉంచదగిన నమ్మకం ఏ ఒక్క మెట్టుపై ఉంచదగిన నమ్మకం కన్నా తగ్గిపోతుంది. విడివిడిగా చూస్తే అన్నీ నమ్మదగినవే అనిపిస్తాయి. కలిపి చూస్తే నమ్మకం సడలుతుంది.

నాలుగు అంశాల లెక్క

విషప్రయోగంతో హత్య జరిగిందని పరిస్థితుల ఆధారంగా చెప్పాలంటే నాలుగు అంశాలు రుజువు కావాలని న్యాయమూర్తి ముర్తజా ఫజల్ అలీ ఆ తీర్పులో పేర్కొన్నారు. విషం ఇవ్వడానికి నిందితునికి స్పష్టమైన కారణం ఉండాలి. మరణం ఆ విషం వల్లనే సంభవించి ఉండాలి. ఆ విషం నిందితుని వద్ద ఉండాలి. దానిని ఇచ్చే అవకాశం అతనికి ఉండాలి. ఈ నాలుగింటిలో మూడు ఉంటే ముప్పాతిక వంతు నేరం రుజువైనట్లు కాదు. నాలుగూ కలిస్తేనే నిర్ణయం నిలుస్తుంది. అందుకే దానిని గొలుసుతో పోలుస్తారు.

ఇప్పుడు ఒక ఊహాత్మకమైన లెక్క చూద్దాం. ఈ అంకెలు పుణె కేసులోనివి కావు. ఇటువంటి కేసులు వంద ఉన్నాయనుకుందాం. ఒక్కో అంశం నూటికి తొంభై కేసుల్లో నిజమని, ఒక అంశంలో పొరపాటు జరగడానికీ మరొక అంశంలో పొరపాటు జరగడానికీ సంబంధం లేదని అనుకుందాం. తొంభై శాతం అంటే చిన్న నమ్మకం కాదు. నిత్యజీవితంలో అంతకన్నా తక్కువ నమ్మకంతోనే ఎన్నో పనులు చేస్తాం.

కారణం ఉన్నదన్న మొదటి అంశం వంద కేసుల్లో తొంభైలో నిజం. ఆ తొంభైలో మళ్లీ తొంభై శాతం, అంటే 81 కేసుల్లోనే రెండవ అంశం కూడా నిజం. మూడవ అంశం వద్దకు వచ్చేసరికి ఆ సంఖ్య దాదాపు 73కు తగ్గుతుంది. నాలుగవ అంశం కూడా కలిసిన కేసులు దాదాపు 66 మాత్రమే మిగులుతాయి. నాలుగు అంశాల్లో ఏ ఒక్కటీ తొంభై శాతానికి తగ్గలేదు. అయినా ఆ నాలుగింటి ఆధారంగా వంద మందికి శిక్ష వేస్తే, అందులో సుమారు మూడో వంతు మంది విషయంలో ఏదో ఒక లంకె తెగిపోయి ఉంటుంది.

లంకెలు పెరిగిన కొద్దీ ఈ తగ్గుదల మరింత స్పష్టమవుతుంది. ఒక్కొక్కటి 95 శాతం నమ్మదగిన పది లంకెలు ఉన్న గొలుసుపై మొత్తం నమ్మకం సుమారు 60 శాతమే. అదే పది లంకెల గొలుసు మొత్తంగా 95 శాతం నమ్మదగినదిగా ఉండాలంటే, ఒక్కో లంకె దాదాపు 99.5 శాతం గట్టిగా ఉండాలి.

అనుమానాలను కూడితే తెలిసేది

పై లెక్కలో పొరపాట్లకు పరస్పరం సంబంధం లేదని అనుకున్నాం. జీవితంలో తరచుగా సంబంధం ఉంటుంది. ఉదాహరణకు విషం నిందితుని వద్ద ఉన్నదని, దానిని ఇచ్చే అవకాశం అతనికి కలిగిందని ఒకే సాక్షి చెప్పవచ్చు. ఆ సాక్షి అబద్ధం చెబితే రెండు లంకెలూ ఒకేసారి తెగుతాయి. నిజం చెబితే రెండూ ఒకేసారి నిలుస్తాయి. అటువంటప్పుడు ప్రతి మెట్టునూ విడిగా గుణించడం సరికాదు. మొదటి అంశం నిజమైతే రెండవది ఎంతవరకు నిజం కావచ్చు, ఆ రెండూ నిజమైతే మూడవది ఎంతవరకు నిజం కావచ్చు అని వరుసగా ప్రశ్నించాలి.

ఆ సంబంధం ఎంత బలమైనదో తెలియకపోయినా, హద్దులు మాత్రం తెలుసుకోవచ్చు. నాలుగు లంకెల్లో ఒక్కోదానిలో నూటికి పది పాళ్లు అనుమానం ఉంది. ఆ అనుమానాలన్నీ వేర్వేరు కేసుల్లో పడితే మొత్తం నలభై కేసులు చెడతాయి, అరవై మిగులుతాయి. అవన్నీ ఒకే పది కేసుల్లో పడితే పది మాత్రమే చెడతాయి, తొంభై మిగులుతాయి. కనుక మొత్తం నిర్ణయంపై నమ్మకం అరవైకి తగ్గదు, తొంభైకి మించదు.

పై హద్దు ఎందుకు దాటరానిదో గ్రహించడానికి గణితం అవసరం లేదు. నాలుగు అంశాలూ నిజమైన ప్రతి కేసులోనూ మొదటి అంశం నిజమై తీరాలి. కాబట్టి నాలుగూ నిజమైన కేసులు మొదటిది నిజమైన కేసుల కన్నా ఎక్కువ ఉండజాలవు. మిగిలిన మూడింటికీ ఇదే వర్తిస్తుంది. మూడు లంకెలు తొంభై శాతం బలంగా ఉండి నాలుగవది డెబ్బై శాతమే అయితే, మొత్తం డెబ్బైని దాటదు. గొలుసు తన అతి బలహీనమైన లంకె కన్నా బలంగా ఉండదన్న మాటలో కూడా పూర్తి నిజం లేదు. ఆ లంకెలోని అనుమానానికి తక్కినవాటి అనుమానాలు తోడైతే, గొలుసు అతి బలహీనమైన లంకె కన్నా బలహీనంగా ఉంటుంది.

అలాగని న్యాయస్థానంలో అంకెలు గుణించడం మొదలుపెడితే కొత్త ప్రమాదం వస్తుంది. 1964లో అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరంలో ఒక వృద్ధురాలి చేతిసంచి దోపిడీకి గురైంది. పసుపు రంగు కారులో వెళ్లిన ఒక జంటను సాక్షులు వర్ణించారు. ఆ వర్ణనకు సరిపోయిన ఒక జంటపై కేసు నడిచింది. పసుపు కారు ఉండటం, పురుషునికి మీసం ఉండటం, గడ్డం ఉండటం వంటి ఒక్కో లక్షణానికీ ప్రాసిక్యూటర్ ఒక అంకె కల్పించి, అన్నింటినీ గుణించి, ఇటువంటి జంట కనిపించే అవకాశం కోటి ఇరవై లక్షల్లో ఒకటి మాత్రమేనని జ్యూరీకి చెప్పారు. దిగువ కోర్టు నేరం నిర్ధారించింది. 1968లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. ఆ అంకెలకు ఆధారం చూపలేదు. గడ్డం పెంచేవారిలో చాలామందికి మీసం కూడా ఉంటుంది కనుక ఆ రెండింటినీ సంబంధం లేనివిగా గుణించడం తప్పు. లెక్క సూత్రం సరైనదే కావచ్చు గానీ, అందులో వేసిన అంకెలు ఊహలైతే జవాబు కూడా ఊహే అవుతుంది. అందువల్ల భారతీయ న్యాయస్థానాలు అంకెలు వేయవు. ఒక్కో లంకె ఎంత గట్టిగా రుజువు కావాలో నియమాలుగా చెబుతాయి.

కథ అల్లుకునే మనసు

నమ్మకం తగ్గవలసిన చోట మనసుకు అది పెరిగినట్లు ఎందుకు తోస్తుంది? 1983లో మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎమోస్ ట్వర్‌స్కీ, డేనియల్ కానమన్ ప్రచురించిన ఒక ప్రయోగం దీనికి సమాధానం సూచిస్తుంది. విద్యార్థి దశలో సామాజిక న్యాయం కోసం పనిచేసిన లిండా అనే ఒక కల్పిత యువతిని వారు వర్ణించారు. ఆమె బ్యాంకు ఉద్యోగిని కావడం ఎక్కువ సంభవమా, బ్యాంకు ఉద్యోగిని అయి ఉండి స్త్రీవాద ఉద్యమంలో కూడా ఉండటం ఎక్కువ సంభవమా అని అడిగారు. దాదాపు 85 శాతం మంది రెండవదాన్ని ఎంచుకున్నారు. ఉద్యమంలో ఉన్న బ్యాంకు ఉద్యోగినులందరూ బ్యాంకు ఉద్యోగినులే కనుక రెండవది మొదటిదాన్ని మించడం అసాధ్యం. అయినా రెండవది పొందికైన కథలా వినిపించింది. వివరం చేరిన కొద్దీ కథ కళ్లకు కడుతుంది. నిజానికి చేరిన ప్రతి వివరమూ తప్పు కావడానికి మరొక దారి తెరుస్తుంది.

న్యాయమూర్తులు ఈ బలహీనతను అంతకు చాలా ముందే గుర్తించారు. 1838లో ఇంగ్లండులో హాడ్జ్ అనే వ్యక్తిపై జరిగిన హత్య కేసు విచారణలో న్యాయమూర్తి ఆల్డర్సన్ జ్యూరీని ఈ విషయంలోనే హెచ్చరించారు. పరిస్థితులను ఒకదానితో ఒకటి జతపరచడంలో మనసుకు ఆనందం ఉంటుందని, అవి కుదరకపోతే కొద్దిగా సాగదీసి అయినా ఒకే కథగా అమర్చుకుంటుందని ఆయన మాటల సారాంశం. భారత సుప్రీంకోర్టు 1952 నాటి హనుమంత్ కేసు తీర్పులో ఆ హెచ్చరికను గుర్తు చేసింది. రుజువు ఉండవలసిన చోట అనుమానం వచ్చి కూర్చునే ప్రమాదం ఉందని చెప్పింది.

ఈ సాగదీత రెండు విధాలుగా జరుగుతుంది. మొదటిది, దాదాపుగా నిజమనిపించిన దానిని పూర్తిగా నిజమనుకుని ముందుకు సాగడం. మొదటి మెట్టుపై తొంభై శాతం నమ్మకం కుదిరితే, రెండవ మెట్టుకు వెళ్లేసరికి మిగిలిన పది పాళ్ల అనుమానాన్ని మనసు మరచిపోతుంది. ప్రతి మెట్టు వద్ద ఇదే జరిగితే, చివరకు చేరిన నిర్ణయం అనుమానమే లేనిదిగా కనిపిస్తుంది. రెండవది మరింత ప్రమాదకరం. నిర్ణయాన్ని ముందే నమ్మి, లోపించిన లంకెను ఆ నిర్ణయం నుంచే తెచ్చుకోవడం.

పుణె కేసులో సుప్రీంకోర్టు పట్టుకున్నది ఈ రెండవ లోపాన్నే. నాలుగు అంశాల్లో రెండే రుజువయ్యాయని ధర్మాసనం తేల్చింది. మరణం సైనైడ్ వల్ల సంభవించింది. విషం ఇచ్చే అవకాశం భర్తకు ఉంది. కానీ ఆ విషం అతని వద్ద ఉన్నట్లు, అతను దానిని ఎక్కడి నుంచైనా సంపాదించినట్లు ఎటువంటి సాక్ష్యమూ లేదు. పైగా ఆ రసాయనం యువతి తల్లి నడిపే ప్లాస్టిక్ కర్మాగారం ద్వారా ఆమెకే లభ్యమై ఉండవచ్చని ఒక సాక్షి వాంగ్మూలం ద్వారా తెలిసింది. విషం ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరు ఇచ్చారో ప్రత్యక్ష సాక్ష్యం లేకపోయినా పరిస్థితుల ద్వారా అది రుజువైనట్లు భావించవచ్చని హైకోర్టు అన్నది. ఆ నిర్ధారణ తమకు అంతుబట్టలేదని సుప్రీంకోర్టు తప్పుపట్టింది. భర్తే హంతకుడైతే విషం అతని వద్ద ఉండి తీరాలి. అయితే అతడే హంతకుడా అన్నదే తేలవలసిన ప్రశ్న. తేలవలసిన దాని నుంచి అరువు తెచ్చుకున్న లంకె ఆ గొలుసును మోయలేదు.

దీనిని గుర్తించడానికి ఒక పరీక్ష ఉంది. నిర్ణయాన్ని కాసేపు పక్కన పెట్టి, ఒక్కో లంకెకు దాని సొంత ఆధారం ఏమిటో అడగాలి. నిర్ణయం నిజమని అనుకుంటే తప్ప ఆధారం కనబడని లంకె ఏదైనా ఉంటే, అక్కడ ఉన్నది ఖాళీయే.

గొలుసు వేరు, తాడు వేరు

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి, ఎక్కువ ఆధారాలు చూపిన కొద్దీ కేసు బలహీనపడుతుందని అనుకోకూడదు. గడ్డిపోచలను పేనితే ఏనుగును కట్టే తాడు అవుతుందన్న మాట తెలుగువారికి తెలిసినదే. 1866లో ఇంగ్లండులో ఎక్సాల్ కేసులో న్యాయమూర్తి పోలక్ దాదాపు ఇదే చెప్పారు. పరిస్థితుల సాక్ష్యాన్ని గొలుసుతో కాక, అనేక పేటలు పేనిన తాడుతో పోల్చడం సబబని ఆయన అభిప్రాయపడ్డారు. ఒక పేట బరువు మోయలేకపోవచ్చు. మూడు పేటలు కలిస్తే మోస్తాయి.

గొలుసుకూ తాడుకూ తేడా ఆధారాల సంఖ్యలో లేదు, అవి పనిచేసే తీరులో ఉంది. నిర్ణయం నిలవడానికి అన్ని అంశాలూ నిజం కావలసి ఉంటే అది గొలుసు. ఒకే అంశానికి అనేక ఆధారాలు ఉండి, వాటిలో ఏ ఒక్కటి నిజమైనా ఆ అంశం నిలిచేటట్లయితే అది తాడు. ఉదాహరణకు ఆ రాత్రి నిందితుడు ఇంట్లో ఉన్నాడా అన్నది ఒక అంశం. ఎదురింటివారు చూశామన్నారు. పాలవాడు చూశానన్నాడు. ఫోన్ రికార్డు కూడా అదే చెబుతోంది. ఒక్కో ఆధారం పొరపాటు కావడానికి నూటికి ముప్పై పాళ్లు అవకాశం ఉన్నదనుకున్నా, ఆ పొరపాట్లకు పరస్పర సంబంధం లేకపోతే మూడూ ఒకేసారి పొరపాటు కావడానికి నూటికి మూడు పాళ్ల కన్నా తక్కువ అవకాశమే ఉంటుంది. గొలుసులో అనుమానం మెట్టుమెట్టుకూ పేరుకుంటుంది. తాడులో అది పేటపేటకూ కరిగిపోతుంది.

అయితే పేటలు నిజంగా వేర్వేరు కావాలి. పాలవాడు తాను చూడకుండా ఎదురింటివారు చెప్పగా విన్నదే కోర్టులో చెబితే, రెండు పేటలుగా కనబడేది ఒక్క పేటే. సాక్షుల సంఖ్య పెరిగినంత మాత్రాన బలం పెరగదు. వారికి ఆ సంగతి వేర్వేరుగా తెలిసి ఉండాలి.

నిజమైన కేసులో ఈ రెండూ కలిసి ఉంటాయి. నాలుగు అంశాల గొలుసులో ఒక్కో లంకె తన వంతుకు ఒక తాడై ఉండవచ్చు. ఒక లంకెకు పది ఆధారాలు, మరొక లంకెకు ఒక్కటీ లేకపోవచ్చు. అవకాశం ఉన్నదని చెప్పే సాక్షులు ఎంతమంది వచ్చినా, విషం ఎక్కడిదన్న లంకెకు వారు బలం చేకూర్చలేరు. కేసు పత్రాల బరువు చూసి మోసపోవడానికి ఇదే కారణం. నిందితుడు ఇచ్చిన సంజాయిషీ అబద్ధమని తేలినా ఇదే వర్తిస్తుందని పుణె కేసు తీర్పు చెప్పింది. గొలుసు అప్పటికే పూర్తయి ఉంటే ఆ అబద్ధం దానికి అదనపు లంకెగా ఊతమివ్వవచ్చు. లేని లంకె స్థానంలో దానిని వాడరాదు.

కావచ్చు, అయి తీరాలి

ఆ తీర్పు చెప్పిన అయిదు సూత్రాలను ఈ వెలుగులో చూస్తే వాటి అవసరం బోధపడుతుంది. ప్రతి పరిస్థితీ పూర్తిగా రుజువు కావాలి. రుజువైన సంగతులు నేరానికి మాత్రమే పొసగాలి. వాటి స్వభావం నిర్ణయాత్మకంగా ఉండాలి. అవి మరొక వివరణకు చోటు ఇవ్వకూడదు. గొలుసు ఎంత పూర్తిగా ఉండాలంటే, నిర్దోషి అని భావించడానికి సహేతుకమైన ఆధారం మిగలకూడదు. మొదటి సూత్రం చెబుతూ న్యాయస్థానం, రుజువై ఉండవచ్చు అనడానికీ, రుజువై తీరాలి అనడానికీ మధ్య గల వ్యత్యాసాన్ని నొక్కి చెప్పింది. ఒక్కో లంకెలో చోటిచ్చిన ‘ఉండవచ్చు’ చివరి లంకె వరకు చేరేసరికి ఎంత పెద్దదవుతుందో పై లెక్క చూపుతుంది. నాలుగవ సూత్రం రెండవ వైపు నుంచి అదే పని చేస్తుంది. గొలుసు చెప్పే కథ కాక మిగిలిన అవకాశాలను లెక్కలోకి తెస్తుంది. పుణె కేసులో ఆ మిగిలిన అవకాశం ఆత్మహత్య. యువతి రాసిన ఉత్తరాల్లో వ్యక్తమైన మానసిక వేదనను ధర్మాసనం పరిశీలించి, ఆ అవకాశాన్ని కొట్టివేయలేమని భావించింది.

ఈ వాదనకు ఒక హద్దు ఉంది. కేసులో వినిపించే ప్రతి వివరమూ లంకె కాదు. ఆ రోజు నిందితుడు వేసుకున్న చొక్కా రంగు విషయంలో సాక్షి పొరబడితే, ఆ రంగుపై నిర్ణయం ఆధారపడనంతవరకు గొలుసుకు నష్టం లేదు. అన్ని వివరాలనూ గుణిస్తూ పోతే ఏ నేరమూ ఎన్నటికీ రుజువు కాదు. ఏ వివరాన్ని తొలగిస్తే నిర్ణయం కూలిపోతుందో అదే లంకె. అటువంటివాటినే లెక్కించాలి.

గొలుసు తెగినప్పుడు తెలిసేది కూడా పరిమితమే. నేరం రుజువు కాలేదని తెలుస్తుంది గానీ, జరిగింది ఇదీ అని తెలియదు. ఆ యువతి ఆత్మహత్య చేసుకున్నదని రుజువైనట్లు సుప్రీంకోర్టు ప్రకటించలేదు. సైనైడ్ ఆ రాత్రి ఆ ఇంట్లోకి ఎలా వచ్చిందన్న ప్రశ్నకు ప్రాసిక్యూషన్ జవాబు చూపలేదని, ఆ జవాబు లేకుండా ఒక మనిషిని ఉరి తీయరాదని మాత్రమే చెప్పింది.